ఫిర్యాదు కాగితం ఇచ్చాక ఏం జరుగుతుంది?

"ఫిర్యాదు ఇస్తే నా పేరు ఆయనకు తెలుస్తదా మేడం?"

పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో, షిఫ్టు మారే వేళ క్యాంటీన్‌లో కూర్చున్న మహిళా కార్మికులకు పోష్ కమిటీ గురించి చెప్పడం మొదలుపెట్టగానే వెనక వరసలోంచి వచ్చిన మొదటి ప్రశ్న ఇది. రెండు మూడు కంపెనీల కమిటీల్లో నేను బయటి సభ్యురాలిని. ఇలాంటి ప్రతి సమావేశంలోనూ ఈ ప్రశ్న వస్తుంది. దీనికి నిజమే చెప్పాలి. తెలుస్తుంది. మీరు రాసిన ఫిర్యాదు కాపీని కమిటీ ఏడు పనిదినాల లోపల అతనికి పంపాలి. అతని మీద ఏం ఆరోపణ ఉందో, ఎవరు చేశారో తెలియకుండా అతను జవాబు చెప్పుకోలేడు కాబట్టి పేరు లేని కాగితం మీద విచారణ నడవదు.

మరి రహస్యం అంటారు కదా, అది ఏమిటి? మీ పేరు, ఫిర్యాదులో ఏముంది, విచారణలో ఎవరు ఏం చెప్పారు అన్నది కమిటీ గది దాటి లైన్‌లోకి, కాంట్రాక్టర్ ఆఫీసులోకి, వాట్సాప్ గ్రూపుల్లోకి, పత్రికల్లోకి పోకూడదని చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. విచారణతో పని ఉన్నవాళ్లెవరైనా దాన్ని బయటపెడితే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలి, అవి లేని చోట అయిదు వేల రూపాయలు వసూలు చేయాలి. అయిదు వేలు పెద్ద మొత్తమేమీ కాదు. కమిటీ గట్టిగా ఉన్న చోట గుట్టు నిలుస్తుంది, లేని చోట రెండో రోజుకే క్యాంటీన్‌కు చేరుతుంది. ఈ సంగతి ముందే తెలిసి వచ్చిన మనిషి మధ్యలో బెదిరిపోదు. అందుకే నేను ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

ఈ చట్టం 2013లో వచ్చింది, అదే ఏడాది డిసెంబరు 9 నుంచి అమల్లో ఉంది. దీని మూలం ఒక కార్మికురాలి దగ్గరే ఉంది. రాజస్థాన్‌లోని భటేరి గ్రామంలో ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకం కింద పనిచేసిన భన్వరీదేవి బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. చేస్తున్న ఉద్యోగం వల్లే ఆమె మీద దాడి జరిగింది, ఆ ఉద్యోగం ఇచ్చినవాళ్లకు మాత్రం ఏ బాధ్యతా లేకపోయింది. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్తే 1997 ఆగస్టులో విశాఖ కేసు తీర్పు వచ్చింది. ప్రతి పనిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని అప్పుడే చెప్పారు. దానికి చట్టం రూపం రావడానికి పదహారేళ్లు పట్టింది.

చట్టం ప్రకారం పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. హెడ్డాఫీసులో ఒకటి ఉంది కదా అంటే సరిపోదు, ప్రతి యూనిట్‌కూ విడిగా ఉండాలి. అధ్యక్షురాలు అదే సంస్థలో పెద్ద హోదాలో ఉన్న మహిళ. ఉద్యోగుల నుంచి కనీసం ఇద్దరు. బయటి నుంచి ఒకరు, మహిళల కోసం పనిచేసే సంస్థ నుంచో, ఈ విషయాలు తెలిసిన వ్యక్తో. మొత్తం సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా ఆడవాళ్లుండాలి. బయటి సభ్యురాలిని ఎందుకు పెట్టారంటే, మిగతా అందరి జీతమూ ఒకే యజమాని చేతిలో ఉంటుంది. పైనుంచి ఒత్తిడి వస్తే కాదనగలిగే గొంతు ఒక్కటైనా గదిలో ఉండాలి.

క్యాంటీన్‌లో ఉన్నవాళ్లలో సగానికి పైగా ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు. "మేం కంపెనీ వాళ్లం కాదు కదా, ఈ కమిటీ మాకు పనికొస్తదా?" అని ఒకావిడ అడిగింది. పనికొస్తుంది. కాంట్రాక్టు, రోజుకూలి, ట్రైనీ, అప్రెంటిస్, ఏజెంటు ద్వారా వచ్చినా నేరుగా వచ్చినా ఈ చట్టంలో అందరూ ఉద్యోగులే. కంపెనీ నడిపే బస్సు కూడా పనిచోటే. రాత్రి రెండో షిఫ్టు ముగిసి ఇంటికెళ్తున్న బస్సులో జరిగినదాన్ని "బయట జరిగింది, మాకు సంబంధం లేదు" అని ఏ హెచ్‌ఆర్ అధికారీ అనడానికి వీల్లేదు.

ఇక అసలు విషయం. కమిటీ ఎలా నడుస్తుందో చెప్పమంటే సెక్షన్లు చదివితే ఎవరికీ ఎక్కదు. అందుకే ఒక ఉదాహరణ తీసుకుని దాన్నే మొదటి నుంచి చివరి దాకా నడిపిస్తాను. ఇది ఎవరి కథా కాదు, సమావేశాల కోసం కల్పించుకున్నది. ఇందులోని ముక్కలు మాత్రం ఫిర్యాదుల్లో మళ్లీ మళ్లీ కనిపించేవే.

మాత్రల స్ట్రిప్పులు ప్యాక్ చేసే లైన్‌లో ఒక అమ్మాయి పనిచేస్తుంది, ఏజెన్సీ ద్వారా వచ్చింది. ఆమె లైన్‌కు సూపర్‌వైజర్ కంపెనీ మనిషి. జనవరిలో ఆమె ఒంటి గురించి పక్కనున్న వాళ్లు వినేలా మాటలన్నాడు. ఫిబ్రవరిలో ఒక రోజు ఎయిర్‌లాక్‌లో గౌను సరిచేస్తున్నానంటూ నడుము మీద చెయ్యి వేశాడు. తర్వాత రాత్రి పదకొండింటికి ఫోన్‌కు మెసేజ్‌లు. ఆమె జవాబివ్వలేదు. మార్చి మొదట్లో ఆమెను రాత్రి షిఫ్టులో వేసి, "నా మాట వింటే జనరల్ షిఫ్టే" అన్నాడు. మార్చి 20న ఆమె ఫిర్యాదు ఇవ్వాలనుకుంది.

ఇలాంటి మనిషి మొదట రాసే కాగితం నాకు చూడకుండానే తెలుసు. "మా సూపర్‌వైజర్ నాతో చాలా రోజులుగా అసభ్యంగా ప్రవర్తిస్తూ మానసికంగా వేధిస్తున్నాడు. కావున తగు చర్య తీసుకోగలరు." అంతే. ఆమె తప్పేమీ లేదు. ఆ మాటలు, ఆ చేతి సంగతి కాగితం మీద పెట్టడానికి పెన్ను కదలదు. మరి ఈ కాగితం అందుకున్న సూపర్‌వైజర్ ఏం రాస్తాడు? "పనిలో తప్పులు చేస్తే మందలించాను, అందుకు కక్షగట్టింది." ఇప్పుడు కమిటీ ముందు తేల్చడానికి ఒక్క సంఘటన కూడా లేదు. ఆమె నోటితో తర్వాత చెప్పిన ప్రతి వివరానికీ "ఇది ఫిర్యాదులో లేదు, కొత్తగా కల్పించింది" అనే వీలు అతనికి దొరికింది.

అదే కాగితం ఇలా ఉంటే వేరు. "ఫిబ్రవరి రెండో వారంలో, మంగళవారం అనుకుంటున్నాను, టీ బ్రేక్ అయ్యాక నేను ఎయిర్‌లాక్‌లో గౌను వేసుకుంటున్నాను. సూపర్‌వైజర్ లోపలికి వచ్చాడు. గౌను సరిగ్గా లేదని చెప్పి కుడి చేతిని నా నడుము మీద పెట్టి అలాగే ఉంచాడు. నేను పక్కకు జరిగాను. ఎవరూ లేరు. ఆ సాయంత్రం బస్సులో నా పక్కన కూర్చున్న తోటి కార్మికురాలికి చెప్పాను." ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశాడు, ఏమన్నాడు, ఆమె ఏం చేసింది, ఎవరికి చెప్పింది అన్నవే ఉన్నాయి. తేదీ గుర్తులేకపోతే గుర్తులేదని రాయాలి. జీతం పడిన మర్నాడు, ఉగాదికి ముందు వారం, ఆడిట్ జరిగిన రోజు అని రాసినా చాలు. ఊహించి తేదీ వేస్తే, ఆ రోజు అతను సెలవులో ఉన్నాడని తేలితే, నిజమైన ఫిర్యాదు కూడా తడబడుతుంది. అతను అన్న మాటలు బూతులైతే బూతులే రాయాలి. ఈ మాట చెప్పినప్పుడు క్యాంటీన్‌లో చాలామంది తలలు దించుకున్నారు. సిగ్గుపడాల్సింది ఆ మాటలన్నవాడు. రాసినావిడ జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెబుతోంది, అంతే.

తెలుగు రాకపోయినా, అసలు రాయడమే రాకపోయినా ఫిర్యాదు ఆగకూడదు. రాయడానికి సాయం చేయాల్సిన బాధ్యత కమిటీ మీద ఉంది. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన వాళ్లు తమ భాషలోనే చెప్పొచ్చు, రాయించుకోవచ్చు. రాశాక మళ్లీ చదివి వినిపించమని అడగాలి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. నిబంధన ప్రకారం ఆరు కాపీలు ఇవ్వాలి, సాక్షుల పేర్లు, చిరునామాలు జత చేయాలి. మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద "అందింది" అని రాయించి తేదీ, సంతకం తీసుకోండి. రేపు గడువుల మీద తగాదా వస్తే మీ చేతిలో ఉండే ఆధారం అదే. "నోటితో చెప్పావు కదమ్మా, మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే, ఆ రోజు ఇంకా ఫిర్యాదు పుట్టలేదని అర్థం చేసుకోవాలి.

ఫిర్యాదుకు గడువుంది. జరిగిన రోజు నుంచి మూడు నెలలు. వరసగా జరుగుతుంటే ఆఖరిది జరిగిన రోజు నుంచి మూడు నెలలు. రాలేకపోవడానికి తగిన కారణం ఉంటే కమిటీ ఆ కారణాన్ని రాసి ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. అంతకు మించి లేదు. ఈ గడువు చాలా కఠినంగా పనిచేస్తుంది. 2025లో సుప్రీంకోర్టు ముందుకు ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకురాలి కేసు వచ్చింది. 2023 ఏప్రిల్‌లో జరిగినదానికి ఆమె డిసెంబరులో ఫిర్యాదు ఇచ్చారు. ఆ తర్వాత కూడా తన మీద పాలనాపరమైన చర్యలు తీసుకున్నారని, వేధింపు కొనసాగిందని ఆమె వాదన. ఆ చర్యలు లైంగిక వేధింపు కిందికి రావని, గడువు దాటిపోయిందని కోర్టు తేల్చింది. భయంలో, అవమానంలో ఉన్న మనిషికి మూడు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఈ గడువు పెరగాలని నేను గట్టిగా నమ్ముతాను. పెరిగేదాకా మాత్రం క్యాలెండర్ చూసుకోక తప్పదు. మన ఉదాహరణలో "మాట వింటే జనరల్ షిఫ్టే" అన్నది మార్చిలో కాబట్టి వరస అంతా ఒకటిగా నిలుస్తుంది. ఆమె జూలైలో వచ్చి ఉంటే ముందుగా ఆలస్యానికి కారణం చెప్పుకోవాల్సి వచ్చేది.

కాగితం ఇచ్చిన రోజే ఇంకో కాగితం ఇవ్వమని చెబుతాను. విచారణ నడిచినన్నాళ్లు ఆమె అదే లైన్‌లో, అతని కిందే పనిచేయాలా? అక్కర్లేదు. ఆమె రాసి అడిగితే అతన్నో ఆమెనో వేరే చోటికి మార్చమని, ఆమె పనితీరు మీద అతను రిపోర్టు రాయకుండా ఆపమని, మామూలు సెలవులు కాక మూడు నెలల దాకా సెలవు ఇవ్వమని కమిటీ యాజమాన్యానికి సిఫారసు చేయొచ్చు. చాలా చోట్ల అడక్కుండానే "నీ మంచికే" అంటూ ఆడమనిషినే దూరంగా ఉన్న బ్లాక్‌కు మారుస్తారు. అలవెన్సు పోతుంది, తోడున్నవాళ్లు పోతారు, చూసేవాళ్లకు తప్పు ఆమెదే అనిపిస్తుంది. అందుకే మీకేం కావాలో మీరే స్పష్టంగా రాయాలి. "నన్ను మార్చవద్దు, అతన్ని ఈ లైన్ నుంచి మార్చండి." సెలవు అడిగితే దానికి జీతం సంగతి కూడా కాగితం మీదే తేల్చుకోండి.

సూపర్‌వైజర్‌కు ఫిర్యాదు అందింది. పది పనిదినాల్లో అతను జవాబు, సాక్షుల పేర్లు ఇవ్వాలి. సరిగ్గా ఈ సమయంలోనే ఎవరో ఒకరు వస్తారు. కాంట్రాక్టర్ కావచ్చు, ఆమె ఊరి పెద్దమనిషి కావచ్చు, సీనియర్ ఆపరేటర్ కావచ్చు. "పిల్లలున్నోడు, సారీ చెప్పిస్తం, వదిలెయ్." చట్టంలో రాజీకి చోటుంది. అయితే అది ఆమె తనకు తానుగా అడిగితేనే, విచారణ మొదలు కాకముందే. డబ్బు మీద రాజీ కుదరదని చట్టం సూటిగా చెబుతుంది. ఒకసారి రాజీ కుదిరితే ఆ ఫిర్యాదు మీద విచారణ ఉండదు. కాబట్టి రాజీకి ఒప్పుకునేవాళ్లు షరతులన్నీ రాయించుకోవాలి, అతను లైన్ మారతాడా, మెసేజ్‌లు పెట్టడా, పాత షిఫ్టు తిరిగి వస్తుందా అన్నది. అతను తప్పితే ఆ కాగితంతో మళ్లీ కమిటీ దగ్గరికి వెళ్లొచ్చు, అప్పుడు విచారణ జరగాలి. నాకు తెలిసినంతలో "కూర్చుని మాట్లాడుకోండి" అనే కమిటీలు కొన్ని ఉన్నాయి. అలా అనడం వాళ్ల పని కాదు.

మన అమ్మాయి రాజీ వద్దంది. విచారణ మొదలైంది.

ఆ గదిలోకి వెళ్లేముందు అక్కడ ఎవరుంటారో తెలిసుంటే సగం భయం పోతుంది. అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు సభ్యులుండాలి. ఇద్దరే ఉంటే, అధ్యక్షురాలు లేకపోతే ఆ రోజు విచారణ చెల్లదని మర్యాదగా గుర్తుచేయొచ్చు. అతనూ ఆమే ఇద్దరూ లాయరును తెచ్చుకోకూడదు. సభ్యులు ఆమె చెప్పింది రాసుకుంటారు, ప్రతి పేజీ మీద సంతకం తీసుకుంటారు. అతనికి ఆమెను ప్రశ్నించే అవకాశం ఉంటుంది. అయితే ఎదురెదురుగా కూర్చోబెట్టి కేకలేసుకునే పద్ధతి అక్కర్లేదు. అతని ప్రశ్నలు రాతపూర్వకంగా తీసుకుని కమిటీయే అడగొచ్చు. నేను కూర్చునే కమిటీల్లో అలాగే చేస్తాం. పెళ్లయిందా, ఎవరితోనైనా తిరిగేదా, ఏ బట్టలు వేసుకుంటుంది లాంటి ప్రశ్నలకు ఈ విచారణతో సంబంధం లేదు. అలాంటివి వస్తే "ఇది ఫిర్యాదుకు సంబంధం లేదు, నా అభ్యంతరం రాసుకోండి" అనాలి. ఆ వాక్యాన్ని క్యాంటీన్‌లో అందరితో రెండుసార్లు అనిపించాను. మొదటిసారి గొంతులు లేవలేదు. రెండోసారి లేచాయి.

"ఎవరూ చూడలేదు కదా, ఎట్ల నమ్ముతరు?" ఇది రెండో పెద్ద ప్రశ్న. క్రిమినల్ కోర్టులో అనుమానానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి. కమిటీకి ఆ కొలత లేదు. రెండు వైపులా విన్నాక, కాగితాలు చూశాక, జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందా లేదా అన్నది చూస్తుంది. కళ్లతో చూసిన సాక్షి లేకపోయినా చుట్టూ ఉన్న విషయాలు మాట్లాడతాయి. మందుల ఫ్యాక్టరీలో ఉత్పత్తి విభాగంలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, కాబట్టి రికార్డింగు ఉండదు. అదే ఫ్యాక్టరీలో మిగతా చాలా విషయాలకు రికార్డు ఉంటుంది. కార్డు గీకి లోపలికి వెళ్లే చోట ఎవరు ఏ నిమిషానికి వెళ్లారో ఉంటుంది. బ్యాచ్ రికార్డులో ఏ పని ఎవరు ఏ టైముకు చేశారో సంతకాలతో ఉంటుంది. షిఫ్టు చార్టు ఎవరు, ఎప్పుడు మార్చారో ఉంటుంది. ఇవన్నీ యాజమాన్యం చేతిలో ఉండేవి, కార్మికురాలు తేలేదు. కానీ కమిటీ తెప్పించగలదు. పత్రాలు తెప్పించడానికి, మనుషుల్ని పిలిపించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలు దానికి ఉన్నాయి. ఏ రోజు ఏ రికార్డు కావాలో ఫిర్యాదులోనే రాసి అడగాలి. కారిడార్ సీసీ కెమెరా ఫుటేజీ అయితే మొదటి రోజే అడగాలి, ఎందుకంటే కొన్ని వారాలకే పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది.

మన ఉదాహరణలో సూపర్‌వైజర్ తన జవాబులో ఆ రోజు టీ బ్రేక్ తర్వాత ఎయిర్‌లాక్‌లోకి వెళ్లనే లేదన్నాడు. కార్డు రికార్డు చూస్తే ఆమె వెళ్లిన రెండు నిమిషాలకు అతనూ వెళ్లాడు. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ, ఆ సాయంత్రం ఆమె ఏడుస్తూ ఏం చెప్పిందో చెప్పింది. ఆమె చెయ్యి వేయడం చూడలేదు, అయినా ఆ మాటకు విలువుంది, ఎందుకంటే ఫిర్యాదు ఆలోచన పుట్టకముందే, జరిగిన రోజే చెప్పిన మాట అది. మెసేజ్‌లు ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి. చాలామంది అసహ్యంతోనో, ఇంట్లో భర్త చూస్తాడన్న భయంతోనో వాటిని తుడిచేస్తారు. తుడవొద్దు. స్క్రీన్‌షాట్లు తీసి నమ్మకమైన మనిషికి పంపి, అసలు మెసేజ్‌లు ఫోన్‌లో అలాగే ఉంచాలి. నంబరు, తేదీ కనిపించేలా తీయాలి. ఇక రాత్రి షిఫ్టు. మార్చి చార్టులో ఆ లైన్‌లో ఒక్క ఆమె షిఫ్టే మారింది, మార్చింది అతనే, కారణం ఎక్కడా రాయలేదు. పదోన్నతి ఆశ చూపడం, ఉద్యోగానికి ముప్పు తెస్తాననడం, పనిచోటును భరించలేనిదిగా చేయడం కూడా లైంగిక వేధింపులో భాగమేనని 3వ సెక్షన్ చెబుతుంది. చెయ్యి వేయడం ఒక్కటే వేధింపు అనుకుని షిఫ్టు సంగతి ఫిర్యాదులో వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఇదంతా 90 రోజుల్లో పూర్తి కావాలి. తర్వాత పది రోజుల్లో కమిటీ నివేదికను యాజమాన్యానికి ఇవ్వాలి, అది ఇద్దరికీ అందాలి. యాజమాన్యం 60 రోజుల్లో దాని మీద చర్య తీసుకోవాలి. కలిపితే అయిదు నెలలు దాటొచ్చు. నెలలో తేలిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ అయిదు నెలలూ ఎలా నెగ్గుకురావాలన్నది ముందే ఆలోచించుకోవాలి, ముఖ్యంగా ఇంట్లో ఎవరికి చెప్పాలి అన్నది.

ఏం శిక్ష పడుతుంది? కమిటీ ఎవరినీ జైలుకు పంపలేదు. రాతపూర్వక క్షమాపణ, హెచ్చరిక, ఇంక్రిమెంటు లేదా ప్రమోషన్ ఆపడం, కౌన్సెలింగ్, ఉద్యోగం నుంచి తీసేయడం దాకా సిఫారసు చేయగలదు. అతని జీతంలోంచి కోసి ఆమెకు పరిహారం ఇప్పించగలదు. ఆ మొత్తాన్ని ఆమె పడిన మానసిక వేదన, కోల్పోయిన అవకాశాలు, వైద్య ఖర్చులు, అతని ఆదాయం చూసి నిర్ణయిస్తారు. మన ఉదాహరణలో కమిటీ ఆరోపణ రుజువైందని చెప్పి, అతనికి ఇంక్రిమెంటు ఆపమని, మహిళలున్న లైన్ల పర్యవేక్షణ నుంచి తప్పించమని, జీతంలోంచి వాయిదాల మీద పరిహారం ఇప్పించమని, ఆమె పాత షిఫ్టు తిరిగి ఇవ్వమని రాసింది. "తీసెయ్యలేదా?" అని క్యాంటీన్‌లో కోపంగా అడిగారు. ఆ కోపం న్యాయమైనదే. కొన్ని కమిటీలు తీసేయమని రాస్తాయి, కొన్ని రాయవు. శిక్ష చాలదనిపిస్తే 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అతనికీ ఆ హక్కుంది.

జైలు కావాలంటే దారి పోలీస్ స్టేషన్. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద లైంగిక వేధింపు నేరం. ఒంటి మీద చెయ్యి వేయడం, లైంగిక కోరిక తీర్చమనడం, బూతు బొమ్మలు చూపించడం వంటివాటికి మూడేళ్ల దాకా, లైంగికపరమైన మాటలకు ఏడాది దాకా శిక్ష ఉంది. కమిటీకి ఇచ్చినంత మాత్రాన పోలీసులకు ఇవ్వకూడదని లేదు, రెండూ ఒకేసారి నడవొచ్చు. పోలీసు ఫిర్యాదు ఇస్తానంటే సాయం చేయడం యజమాని విధి. కమిటీ తేల్చేదాకా ఆగమని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

"రుజువు కాకపోతే మా మీదనే కేసు పెడ్తరంట కదా?" ఈ పుకారు ఎన్ని ఫిర్యాదుల్ని మింగిందో చెప్పలేను. చట్టం 14వ సెక్షన్‌లో తప్పుడు ఫిర్యాదు మీద చర్య ఉన్న మాట నిజం. అదే సెక్షన్‌లో, ఫిర్యాదును నిరూపించలేకపోయినంత మాత్రాన, సరిపడా ఆధారం చూపలేకపోయినంత మాత్రాన చర్య తీసుకోకూడదని కూడా ఉంది. అబద్ధమని తెలిసీ కక్షతో పెట్టిందని విడిగా విచారణలో తేలాలి. జరిగినదే రాసి, సాక్ష్యం దొరక్క ఓడిన మనిషికి దీనితో భయం లేదు.

అసలు భయం వేరే ఉంది, అది కాంట్రాక్టర్ చేసే ఒక్క ఫోన్. "రేపటి నుంచి రావొద్దు." ఈ చట్టంలోని పెద్ద లోటు ఇక్కడే. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధిస్తే ఫలానా శిక్ష అని విడిగా చెప్పే సెక్షన్ ఇందులో లేదు. నేను చెప్పగలిగింది ఇంతే. ఆ ఫోన్ వచ్చిన రోజే, గంటల్లోనే, కమిటీకి రెండో కాగితం రాయాలి. ఎవరు ఫోన్ చేశారు, ఏ టైముకు, ఏమన్నారు అన్నది రాసి, పని కొనసాగేలా మధ్యంతర ఉత్తర్వు సిఫారసు చేయమని అడగాలి. యూనియన్ ఉంటే వాళ్లకూ చెప్పాలి. నిక్కచ్చిగా ఉన్న కమిటీ వెంటనే కంపెనీని వివరణ అడుగుతుంది, చాలాసార్లు ఆ ఒక్క లేఖతోనే కాంట్రాక్టర్ వెనక్కి తగ్గుతాడు. తగ్గని చోట్లూ ఉన్నాయి.

కమిటీయే సరిగా లేకపోతే? గేటు దగ్గర నోటీసు బోర్డు చూడండి. సభ్యులెవరో తెలిపే ఉత్తర్వు అందరికీ కనిపించే చోట పెట్టడం యజమాని బాధ్యత. పేర్లు లేవంటే, ఉన్న పేర్లలో బయటి సభ్యులు లేరంటే, మూడేళ్ల పదవీకాలం దాటిన పేర్లే ఉన్నాయంటే ఆ కమిటీ కాగితం మీదిది. కమిటీ వేయని యజమానికి యాభై వేల రూపాయల దాకా జరిమానా ఉంది, మళ్లీ అదే తప్పు చేస్తే రెట్టింపు, లైసెన్సు రద్దు దాకా వెళ్లొచ్చు. వేధించింది యజమానే అయితే, లేదా పది మంది కంటే తక్కువ పనిచేసే చోటైతే, ఫిర్యాదు జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వాలి. టైలరింగ్ షాపులో ఇద్దరే పనిచేసినా, బట్టల కొట్లో ఒక్కతే ఉన్నా ఈ దారి ఉంది. జిల్లా అధికారులను, స్థానిక కమిటీలను పూర్తిగా నియమించాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ గడువులు పెట్టి మరీ ఆదేశించాల్సి వచ్చిందంటే, చట్టం వచ్చి పదకొండేళ్లైనా పరిస్థితి ఎలా ఉందో తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

చివరగా ఒకావిడ లేచి, మధ్యలో పని మానేసి ఊరెళ్లిపోతే ఫిర్యాదు పోతుందా అని అడిగింది. పోదు. ఫిర్యాదు చేసే మహిళ ఇప్పుడు ఉద్యోగంలో ఉందా లేదా అన్నదానితో చట్టానికి పనిలేదు. అయితే ఒక జాగ్రత్త ఉంది. సరైన కారణం లేకుండా వరసగా మూడు విచారణలకు రాకపోతే, పదిహేను రోజుల ముందు నోటీసు ఇచ్చి కమిటీ విచారణను ముగించేయొచ్చు. ఆ నోటీసు మీరు వదిలేసిన అద్దెగదికి వెళ్లి తిరిగొస్తే మీకు తెలియను కూడా తెలియదు. కాబట్టి ఊరెళ్లే ముందు కొత్త చిరునామా, పనిచేసే ఫోన్ నంబరు కమిటీకి రాసిచ్చి, ఆ కాపీ మీద కూడా సంతకం తీసుకోవాలి. రాలేని రోజు ఉంటే ఎందుకు రాలేరో ముందు రోజే మెసేజ్ పెట్టాలి. నెలసరి జీతం పోగొట్టుకుని, బస్సెక్కి రావడం కష్టమైతే వీడియో కాల్‌లో మాట్లాడతానని అడగొచ్చు. కుదరదని ఎవరైనా నోటితో చెబితే, ఆ మాటను కూడా రాసి ఇవ్వమనండి.